బుడగ నుంచి పట్టికలోకి

2006లో టెడ్ వేదిక మీద హాన్స్ రోస్లింగ్ ఇచ్చిన ప్రసంగం వీడియో ఇప్పటికీ నెట్‌లో దొరుకుతుంది. తెర మీద ఒక్కో దేశానికి ఒక్కో బుడగ. అడ్డంగా ఒక్కో తల్లికి ఎంతమంది పిల్లలన్నది, నిలువుగా సగటు ఆయుర్దాయం. 1962 నుంచి ఏళ్లు గడిచేకొద్దీ బుడగలు పైకి కదిలిపోతుంటాయి. అందులోంచి వియత్నాం ఆయుర్దాయాన్ని ఏడాదివారీగా స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాలంటే వీడియోను ఆపి కొలవాల్సిందే.

యూట్యూబ్‌లో వీడియో ఆపి `.` నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు, `,` నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి జరుగుతుంది. బుడగ ఎక్కడా ఆగదు, ఒక ఏడు నుంచి మరో ఏటికి జారుతూనే ఉంటుంది. అందుకని సంవత్సరం అంకె మారిన మొదటి ఫ్రేమ్‌నే ప్రతిసారీ పట్టుకోవాలి. ఒకసారి మొదట్లో, ఇంకోసారి మధ్యలో ఆపితే పట్టిక గాడి తప్పుతుంది.

ఆ ఫ్రేమ్‌ను బొమ్మగా దాచి గింప్‌లో తెరిస్తే, మౌస్ ఉన్నచోటు ఎన్నో పిక్సెలో కింద కనిపిస్తుంది. నిలువు గీత మీద 40 అన్న గుర్తు 520వ పిక్సెల్ దగ్గర, 70 అన్నది 160వ పిక్సెల్ దగ్గర ఉన్నాయనుకుందాం. పిక్సెళ్ల లెక్క పైనుంచి కిందికి సాగుతుంది కాబట్టి పెద్ద విలువకు చిన్న అంకె వచ్చింది. 360 పిక్సెళ్లలో 30 ఏళ్లు ఇమిడాయి, అంటే ఏడాదికి 12. బుడగ నడిమి బిందువు 280 దగ్గరుంటే ఆయుర్దాయం 60 ఏళ్లు. D గడిలో పిక్సెల్ వేస్తే మిగతాది షీటే చూసుకుంటుంది:

```
=40+(520-D2)*(70-40)/(520-160)
```

పక్కనే వీడియో సమయానికీ ఒక గడి కేటాయిస్తే, అనుమానం వచ్చినప్పుడు అదే ఫ్రేమ్‌కు తిరిగి వెళ్లొచ్చు. మసక వీడియోలో బుడగ అంచు మూడు పిక్సెళ్లు అటూఇటూ అనిపించడం మామూలే. ఇక్కడ అది పావు ఏడాదితో సమానం. అలాంటప్పుడు 60.08 అని రాయడం లేని కచ్చితత్వాన్ని అంటగట్టడమే. 60 చాలు.

ఈ సూత్రం అన్ని గీతలకూ పనికిరాదు. గ్యాప్‌మైండర్ చార్టుల్లో ఆదాయపు గీత సాధారణంగా లాగరిథమ్ కొలతలో ఉంటుంది. అందులో 1,000కీ 10,000కీ సరిగ్గా నడుమ ఉన్న చుక్క విలువ 5,500 కాదు, సుమారు 3,160. గుర్తుల మధ్య దూరం ఒకటే అయినా అంకెలు రెట్టింపులుగా పెరుగుతుంటే, ముందు లాగరిథమ్ తీసుకుని, ఆ తర్వాతే పై లెక్క కట్టాలి.

పని పూర్తయ్యాక సరిచూసుకునే దారి ఈ ప్రసంగంలోనే ఉంది. 2003 నాటి వియత్నాం 1974 నాటి అమెరికాతో సమానమైందని రోస్లింగ్ చెబుతాడు. ఆ రెండు గడుల్లోని విలువలు దగ్గరదగ్గరగా రావాలి. గ్యాప్‌మైండర్ అంకెలు ఉచితంగా దొరుకుతాయి కనుక మొత్తం పట్టికనూ వాటి పక్కన పెట్టి చూడొచ్చు. పాత అంకెలను ఆ సంస్థ తర్వాత సవరిస్తూ వచ్చింది కాబట్టి అచ్చుగుద్దినట్టు కలవకపోవచ్చు. తేడాలు కాస్త ఎక్కువ, కాస్త తక్కువగా చెదిరి ఉంటే అవి చాలావరకు చేతి కొలతలో వచ్చినవే. అన్నీ ఒకేవైపు మొగ్గితే మాత్రం 40, 70 గుర్తుల పిక్సెళ్లను మళ్లీ చూడాలి.