121 పేజీల తీర్పులో కట్టుబడాల్సిన మాట ఏది?

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా గురించి సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న ఇచ్చిన వినీతా శర్మ తీర్పు 121 పేజీలుంది. భాగపరిష్కారం దావాలు నడిపే లాయరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని జడ్జిగారి ముందు పెట్టక తప్పదు. మరునాటి జాబితాలో పది కేసులున్న సీనియరుకు అన్ని పేజీలు తిరగేసే తీరిక ఉండదు. అందుకే జూనియరును పిలిచి ఒక పేజీలో రాసివ్వమంటారు. ఆ పేజీలో ఏ వాక్యాన్ని ఏ పేరు కింద రాశారన్న దాని మీద ఒక్కోసారి ఎకరాల లెక్క తేలిపోతుంది.

పై కోర్టు తీర్పులో ప్రతి వాక్యమూ కింది కోర్టును కట్టిపడేయదు. కేసులో తేల్చాల్సిన ప్రశ్నకు జవాబు ఏ న్యాయసూత్రం మీద నిలబడిందో ఆ సూత్రమే కట్టేస్తుంది. కోర్టుల్లో దాన్ని రేషియో అంటారు. మిగతా మాటలు సందర్భవశాత్తు అన్నవి, వాటిని ఆబిటర్ అంటారు. చెప్పడానికి తేలికే కానీ తీర్పు రాసే జడ్జి ఇది రేషియో, ఇది ఆబిటర్ అని గీతలు గీసి ఇవ్వరు. గీత గీయాల్సింది చదివేవాళ్లే.

వినీతా శర్మ కేసు వెనుక కథ ఇది. హిందూ వారసత్వ చట్టంలోని ఆరో సెక్షన్‌ను 2005లో మార్చారు. ఆ మార్పు 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది. కొడుకులాగే కూతురు కూడా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కున్న సభ్యురాలైంది. మరి ఆ తేదీకి ముందే తండ్రి చనిపోతే? ఫూలవతి కేసులో తండ్రి 1988లోనే పోయాడు. కొత్త హక్కు రావాలంటే ఆ తేదీన తండ్రీ కూతురూ ఇద్దరూ బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. దానమ్మ కేసులో తండ్రి 2001లో పోయాడు. అయినా 2018లో అదే సుప్రీంకోర్టు, ఫూలవతి తీర్పును ఉదహరిస్తూనే, కూతుళ్లకు వాటా ఇచ్చింది. రెండూ ఇద్దరు జడ్జీల బెంచీలే. కింది కోర్టులు దేన్ని పాటించాలో తెలియక ఇరుక్కున్నాయి. వినీతా శర్మ తండ్రి 1999 డిసెంబరులో చనిపోయారు. ఆమె కేసుతో పాటు మరికొన్నిటిలో తలెత్తిన ఈ చిక్కును ముగ్గురు జడ్జీల బెంచి చేతుల్లో పెట్టారు.

నోటు రాసేవారు ముందు చేయాల్సింది తీర్పులో ఎవరు మాట్లాడుతున్నారో గుర్తుపట్టడం. ఈ తీర్పులో మొదటి పేజీల నిండా రెండు పక్షాల వాదనలే ఉంటాయి. కోర్టుకు సాయంగా నియమితులైన ఒక సీనియర్ న్యాయవాది ఫూలవతి, దానమ్మ తీర్పుల మధ్య వైరుధ్యమే లేదని వాదించారు. ఆ వాదన తీర్పులో నిదానంగా, నిశ్చయంగా, కోర్టు గొంతులాగే సాగుతుంది. తొందరలో దాన్ని కోర్టు అభిప్రాయమని రాసుకుంటే నోటు మొత్తం తలకిందులవుతుంది. ఎందుకంటే కోర్టు చివరికి ఫూలవతినీ, దానమ్మనూ తనతో పొసగని మేరకు కొట్టేసింది. పాత తీర్పుల నుంచి దించిన పేరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పెళ్లయ్యాక కొడుకు మారతాడేమో గానీ కూతురు జీవితాంతం కూతురే అన్న మాటను ఆ రోజు పత్రికలు ప్రముఖంగా వేశాయి. నిజానికి అది 1996 నాటి సవితా సాంవేది కేసు నుంచి తెచ్చుకున్నది. ఆ కేసు ఆస్తి పంపకానిది కూడా కాదు, రిటైరయ్యే రైల్వే ఉద్యోగి క్వార్టరు పెళ్లయిన కూతురికి ఇవ్వవచ్చా అన్నది. జనానికి బాగా గుర్తున్న ఆ వాక్యం మీద ఈ తీర్పులో ఏ నిర్ణయమూ ఆధారపడలేదు. లాయరు నోటులో దానికి చోటు అక్కర్లేదు.

వాదనలు, ఉటంకింపులు పక్కకు పోయాక కోర్టు సొంత మాటలు మిగులుతాయి. వాటిలో ఒక్కో వాక్యాన్ని పరీక్షించే పద్ధతిని 1890లలో అమెరికా న్యాయ అధ్యాపకుడు యూజీన్ వాంబో చెప్పాడు. అనుమానమున్న వాక్యాన్ని తిరగేసి రాయాలి. అవునన్న చోట కాదని పెట్టాలి. అలా తిరగేశాక కూడా కోర్టు అదే ఫలితానికి రాగలిగితే ఆ వాక్యం ఫలితానికి అవసరం లేదన్నమాట. ఫలితం కూలిపోతే అది రేషియోలో భాగం. ఈ పరీక్షకు ఒక హద్దుంది. కోర్టు ఒకే ఫలితానికి రెండు స్వతంత్ర కారణాలు చెబితే, ఒకదాన్ని తిరగేసినా రెండోది ఫలితాన్ని నిలబెడుతుంది. అప్పుడు రెండూ ఆబిటరే అనుకోవడం తప్పు. అలాంటి చోట రెండింటినీ రేషియోగానే తీసుకోవాలి.

ఇప్పుడు వినీతా శర్మలో రెండు వాక్యాలు తీసుకుందాం. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి 2005 సెప్టెంబరు 9న తండ్రి బతికి ఉండనక్కర్లేదన్నది మొదటిది. తండ్రి బతికి ఉండాల్సిందేనని దాన్ని తిరగేసి చూడండి. బెంచి ముందుకు వచ్చిన ప్రశ్నకు జవాబే మారిపోతుంది, ఫూలవతి నిలబడుతుంది. కాబట్టి ఇది రేషియో, సందేహం లేదు.

రెండో వాక్యం చిన్నది, చర్చ మధ్యలో వస్తుంది. తండ్రి బతికుండాలన్న ఫూలవతి షరతుతో విభేదించిన వెంటనే, తమ అభిప్రాయంలో ఆ తేదీన కూతురు మాత్రం బతికి ఉండాలని కోర్టు అంది. దీన్ని తిరగేయండి. కూతురు బతికి ఉండనక్కర్లేదు అనుకుందాం. తండ్రి బతికి ఉండాలా అన్న ప్రశ్నకు జవాబు ఇసుమంత మారదు. వాటా అడుగుతున్న వినీతా శర్మ బతికే ఉన్నారు. చనిపోయిన కూతురి పిల్లల గురించి తేల్చాల్సిన అవసరం కోర్టుకు రాలేదు. తీర్పు చివర వరుసగా ఇచ్చిన నిర్ణయాల్లోనూ ఈ మాట లేదు. నా దృష్టిలో ఇది ఆబిటరే.

ఈ చిన్న వాక్యం ఎంత బరువైనదో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. గుంటూరు వైపు ఒక కుటుంబానికి నాలుగెకరాల ఉమ్మడి భూమి ఉందనుకుందాం. తండ్రి, కొడుకు, కూతురు మాత్రమే ఉన్నారు. కూతురికి 1980లో పెళ్లయింది. ఆ వివరం ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లను ఆ చట్టం బయట పెట్టింది. తండ్రి 1998లో, కూతురు 2003లో చనిపోయారు. పంపకం జరగలేదు. ఇప్పుడు కూతురి పిల్లలు వాటా అడుగుతున్నారు. పాత సెక్షన్ ప్రకారమైతే తండ్రి పోయిన నాటికి భూమిని తండ్రికీ కొడుక్కీ చెరి రెండెకరాలుగా లెక్క కడతారు. తండ్రి రెండెకరాలు కొడుక్కీ కూతురికీ చెరొక ఎకరం వస్తాయి. అంటే కూతురి పిల్లలకు ఒకటే ఎకరం. కూతురిని కొడుకుతో సమానమైన సభ్యురాలిగా లెక్కిస్తే తండ్రి వాటా కూడా కలిసి ఆమె వైపు రెండెకరాలు వస్తుంది. ఆ రెండో ఎకరం దక్కుతుందా లేదా అన్నది, కూతురు బతికి ఉండాలన్న ఆ వాక్యం రేషియోనా ఆబిటరా అన్న దాని మీద చాలా మటుకు ఆధారపడుతుంది.

ఆబిటర్ అని రాశాం కదా అని దాన్ని నోటులోంచి తీసేయడం పెద్ద పొరపాటు. జమీందారీ రద్దు తర్వాతి చెల్లింపుల వివాదంలో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఎం.ఆర్. అప్పారావు కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ సంగతి విడమర్చింది. తీర్పును మొత్తంగా, కోర్టు ముందున్న ప్రశ్నల వెలుగులో చదివి సూత్రాన్ని పట్టుకోవాలి తప్ప ఏదో ఒక మాటనో వాక్యాన్నో విడదీసి పట్టుకోకూడదంది. నిర్ణయానికి అవసరం లేని వ్యాఖ్యకు కట్టిపడేసే బలం లేకపోయినా, దానికి చెప్పుకోదగ్గ విలువ ఉంటుందని కూడా అంది. కాబట్టి కొడుకు తరఫు లాయరు ఊరుకోరు. ఆలోచించకుండా అన్న మాట కాదిది, ఫూలవతిలో సగం కొట్టేసి సగం నిలబెట్టారని వాదిస్తారు. ఆ వాదనకు బలం ఉంది. నోటు చదివే సీనియరుకు అది ముందే తెలిసి ఉండాలి.

అన్ని వాక్యాలూ ఇంత తేటగా రెండు గంపల్లో పడవు. నోటిమాటగా పంపకాలు జరిగాయన్న వాదన గురించి ఈ తీర్పు గట్టిగా మాట్లాడింది. రిజిస్టరైన పంపక దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలి. నోటి సాక్ష్యం ఒక్కటే చూపితే తోసిపుచ్చాలి. పబ్లిక్ దస్తావేజుల బలం ఉన్న అరుదైన కేసుల్లో మాత్రం ఒప్పుకోవచ్చు. తండ్రి బతికుండాలా అన్న ప్రశ్నకు ఇది అవసరమా అంటే కాదు. అయితే బెంచికి అప్పగించింది ఆరో సెక్షన్ అర్థాన్ని తేల్చమని. పైగా ఈ మాట చర్చలో కాక చివరి నిర్ణయాల జాబితాలోనే ఉంది. బెంచి చట్టప్రశ్నకు జవాబిచ్చి, కేసులను వాటి మంచిచెడుల మీద తేల్చడానికి వేరే బెంచికి పంపింది. అందుకని ఏ కుటుంబపు నోటి పంపకాన్నీ ఈ తీర్పు పరీక్షించి చూడలేదు. ఇలాంటి చోట రేషియో అనో ఆబిటర్ అనో ముద్ర కొట్టే తొందర వద్దు. చివరి నిర్ణయాల్లో ఉంది, వాస్తవాల మీద పరీక్షకు రాలేదు అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. కోర్టులో ఆ మాటను ఎంత గట్టిగా వాడుకోవాలో సీనియరు చూసుకుంటారు.

పెండింగులో ఉన్న కేసులను వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చమన్న మాట కూడా చివర్లోనే ఉంది. అది కింది కోర్టులకు చేసిన అభ్యర్థన. దాన్ని సూత్రాల్లో కలపకూడదు.

ఇదంతా చేశాక నాలుగెకరాల కేసుకు నోటు చిన్నదే అవుతుంది. ముందు బెంచి తేల్చిన ప్రశ్న, తర్వాత తండ్రి చావు అడ్డు కాదన్న రేషియో, 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలు, పంపకాలు చెదరవన్న మినహాయింపు. వాటి కింద వేరుగా, కూతురు బతికి ఉండాలన్న వాక్యం ఆబిటరని, మన కేసులో అది మనకు ఎదురు తగిలేదని, చివరి నిర్ణయాల్లో కనిపించదని రాయాలి. ఆంధ్రప్రదేశ్ 1985 సవరణ ఈ కుటుంబానికి ఎందుకు పనికిరాదో ఒక వాక్యంలో చెప్పాలి. ప్రతి మాట పక్కనా పేరా సంఖ్యతో పాటు అది ఏ ప్రతిలోదో కూడా ఉండాలి. చివరి నిర్ణయాలు కోర్టు వెబ్‌సైటు ప్రతిలో 129వ పేరాలో ఉంటే, సుప్రీంకోర్టు కేసెస్ సంపుటిలో 137వ పేరాలో ఉన్నాయి. తప్పు పేరా చెబితే జడ్జిగారి చేతిలో ఉన్న పుస్తకంలో ఆ మాట దొరకదు.

నోటు అందుకున్న సీనియర్లకు ఒక విన్నపం. ఆబిటర్ అని రాసి ఉన్న ప్రతి పేరానూ, దాని ముందు పేరానూ వెనక పేరానూ, వాదనకు లేచేముందు మీ కళ్లతో ఒక్కసారి చదవండి. ఎదుటి పక్షం మొదట చదవబోయేది ఆ పేరానే.