బీరువాలో బాండు, చేతిలో పర్సనల్ లోను ఫారం

మా పెద్దమ్మగారి అబ్బాయి, నాకు అన్నయ్య. పోయినేడాది పిల్లవాడి కాలేజీ ఫీజుకూ హాస్టలుకూ కలిపి 3 లక్షలు కావలసి వచ్చింది. జీతం జమయ్యే బ్యాంకు నుంచి పర్సనల్ లోను సిద్ధంగా ఉందని ఫోనుకు మెసేజీల మీద మెసేజీలు వస్తున్నాయి. ఫారం నింపి, సంతకం పెట్టే ముందు ఒకసారి చూడమని నాకు పంపాడు. వడ్డీ 14 శాతం, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, ఆ ఫీజు మీద జీఎస్టీ 18 శాతం.

"అదే బ్యాంకులో నీకు 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కదరా?" అని అడిగాను.

"అది అమ్మాయి పెళ్లికి పెట్టింది. దాన్ని కదపదలుచుకోలేదు" అన్నాడు.

మన ఇళ్లలో చాలామంది ఇలాగే ఆలోచిస్తారు. డిపాజిట్ ఒకందుకు, అప్పు ఇంకొకందుకు. ఒకదాని జోలికి రెండోది పోకూడదంటారు. అందుకే బ్యాంకు మన డబ్బుకు 6.5 శాతం ఇస్తుంటే, అదే బ్యాంకుకు మనం 14 శాతం కడుతూ ఉంటాం. డిపాజిట్‌ను రద్దు చేయకుండానే దాని మీద అప్పు తీసుకోవచ్చని అన్నయ్యకు తెలియక కాదు. అది డిపాజిట్‌ను పోగొట్టుకోవడంతో సమానమని అనుకున్నాడు.

జరిగేది వేరు. డిపాజిట్ అలాగే ఉంటుంది, దాని మీద వడ్డీ మామూలుగానే పెరుగుతుంది. బ్యాంకు దాని మీద లీన్ పెట్టుకుంటుంది. అంటే బాకీ తీరేదాకా ఆ డబ్బును మీరు తీసుకోలేరు. బాకీ ఎగ్గొడితే బ్యాంకు అందులోంచి మినహాయించుకోవచ్చు. బ్యాంకుకు డబ్బు పోతుందన్న భయం లేదు కాబట్టి వడ్డీ తక్కువ. చాలా బ్యాంకుల్లో డిపాజిట్ వడ్డీకి ఒక శాతం, కొన్నిచోట్ల రెండు శాతం కలిపి వేస్తారు. డిపాజిట్ మొత్తంలో 90 శాతం దాకా ఇస్తారు. సాధారణంగా జీతం స్లిప్పులు, హామీదారులు అడగరు. సిబిల్ స్కోరు బాగాలేదని పర్సనల్ లోను దొరకనివాళ్లకు కూడా ఇది దొరుకుతుంది.

అన్నయ్య లెక్కే చూద్దాం. పర్సనల్ లోను 3 లక్షలు, 14 శాతం, ఏడాదిలో తీర్చేలా తీసుకుంటే నెలకు 26,936 రూపాయలు కట్టాలి. ఏడాదికి వడ్డీ 23 వేల పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి 7,080 ముందే పట్టుకుంటారు. అంటే చేతికి వచ్చేది 3 లక్షలు కాదు, 2 లక్షల 93 వేల లోపే. మొత్తం ఖర్చు 30 వేలు దాటుతుంది.

అదే 3 లక్షలను 6.5 శాతం డిపాజిట్ మీద 7.5 శాతానికి తీసుకుని, ఏడాదిలోనే తీర్చాలంటే నెలకు 26 వేల చిల్లర కడితే చాలు. వడ్డీ మొత్తం 12,300 దాకా అవుతుంది. తేడా దగ్గర దగ్గర 18 వేలు. పైగా ఈ ఏడాదిలో డిపాజిట్ కూడా సంపాదిస్తూనే ఉంటుంది. అప్పుగా ఉన్న సొమ్ముకు అటు 7.5 కడుతున్నారు, ఇటు అంతే సొమ్ము మీద 6.5 వస్తోంది. ఆ ఒక్క శాతం తేడా ఏడాదికి 1,640 రూపాయలు. అప్పు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇంత చిన్న మొత్తం వస్తుంది.

అయితే ఒక మాట చెప్పాలి. డిపాజిట్ వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉంటుంది, సొంత అవసరానికి తీసుకున్న ఈ అప్పు వడ్డీకి పన్నులో మినహాయింపు లేదు. 30 శాతం పన్ను కట్టేవారికి 6.5లో మిగిలేది నాలుగున్నరే. వాళ్లకు అసలు తేడా ఒకటి కాదు, దాదాపు మూడు శాతం. అయినా 14 శాతం కంటే చాలా నయం.

"అయితే డిపాజిట్టే తీసేస్తే పోదా? అప్పు ఎందుకు?" అని వదిన అడిగింది. మంచి ప్రశ్న. మధ్యలో తీస్తే మొదట ఒప్పుకున్న వడ్డీ రాదు. ఎన్ని నెలలు ఉంచారో ఆ కాలానికి డిపాజిట్ వేసిన రోజు ఉన్న రేటు ఇచ్చి, అందులో అర శాతమో ఒక శాతమో కోస్తారు. అన్నయ్యది మూడేళ్ల డిపాజిట్, 20 నెలలు గడిచాయి. ఆ కాలానికి రేటు 6.25, కోత పోగా 5.25. అంటే 5 లక్షల మీద ఇరవై నెలలకూ ఒకటింపావు శాతం పోయినట్టు. అది 10 వేల పైచిలుకు. అప్పు తీసుకుంటే అయ్యే తేడా 1,640, తీసేస్తే పోయేది 10 వేలు. ఏడాదిలో తీర్చగల మనిషికి అప్పే లాభం.

డిపాజిట్ వేసి మూడు నెలలే అయి, డబ్బు వెనక్కి కట్టే దారి కనిపించకపోతే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కోత పడేది మూడు నెలల వడ్డీ మీదే. అలాంటప్పుడు డిపాజిట్ తీసేయడమే మేలు. ఎన్నాళ్లు ఉంచారు, ఎంత త్వరగా తీరుస్తారు అన్న రెండు సంగతుల మీదే ఈ నిర్ణయం ఆధారపడి ఉంటుంది.

ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి లోను, మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది. రెండోది ఓవర్‌డ్రాఫ్ట్, బ్యాంకులో అందరూ ఓడీ అంటారు. మీకు 4 లక్షల 50 వేల పరిమితి ఇచ్చారనుకోండి. అందులో 2 లక్షలు వాడితే ఆ 2 లక్షలకే, వాడిన రోజులకే వడ్డీ. జీతం రాగానే కొంత అందులో వేస్తే ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుంది. ఫీజును రెండు వాయిదాలుగా కట్టేవారికి ఇదే బాగుంటుంది. చాలా బ్యాంకుల్లో యాప్‌లోనే తెరవొచ్చు. జాయింటు డిపాజిట్ అయితే పేర్లున్న వారందరి సంతకాలూ కావాలి. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్ మీద మాత్రం అప్పు ఇవ్వరు, చట్టం ఒప్పుకోదు. ఒక బ్యాంకు డిపాజిట్ చూపించి ఇంకో బ్యాంకులో అప్పు అడిగినా కుదరదు.

ఇక ఇన్సూరెన్సు పాలసీ. డిపాజిట్ లేనివాళ్లకు చాలాసార్లు ఇదే దిక్కవుతుంది. ఎల్ఐసీ ఎండోమెంట్, మనీబ్యాక్ లాంటి పాలసీలకు కొన్నేళ్లు ప్రీమియం కట్టాక సరెండర్ విలువ వస్తుంది. అప్పు ఆ విలువ మీదే ఇస్తారు, పాలసీ మొత్తం మీద కాదు. ప్రీమియం కడుతున్న పాలసీకి ఆ విలువలో 90 శాతం దాకా. దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువ. "5 లక్షల పాలసీ ఉంది, 4 లక్షలన్నా ఇస్తారు" అనుకుని వెళ్తారు. పదేళ్లు కట్టిన పాలసీకి సరెండర్ విలువ 1 లక్షా 90 వేలనుకుంటే, దొరికేది 1 లక్షా 71 వేలే. పాలసీ కొత్తదైతే ఇంకా చాలా తక్కువ. టర్మ్ పాలసీకి సరెండర్ విలువ ఉండదు కాబట్టి దాని మీద అసలు ఇవ్వరు.

వడ్డీ సుమారు 9 నుంచి 10 శాతం. పర్సనల్ లోను కంటే తక్కువే, కానీ దీనికో స్వభావం ఉంది. ఆరు నెలలకోసారి వడ్డీ కట్టమంటారు. కట్టకపోతే ఎవరూ ఫోను చేసి నిలదీయరు, ఆ వడ్డీని అసలులో కలిపేస్తారు. అందుకే అప్పు ఉన్న సంగతే మరిచిపోతారు. 9.5 శాతానికి తీసుకున్న 1 లక్షా 50 వేలు ఏమీ కట్టకుండా వదిలేస్తే ఐదేళ్లకు 2 లక్షల 38 వేలు దాటుతుంది, పదేళ్లకు 3 లక్షల 79 వేలు. ఇరవై ఏళ్ల పాలసీ పూర్తయి చెక్కు కోసం వెళ్లిన రోజున అందులోంచి అంతా తగ్గించి ఇస్తారు. ప్రీమియం మధ్యలో ఆపేసిన పాలసీలో బాకీ సరెండర్ విలువను మించితే నోటీసు పంపి పాలసీనే మూసేయొచ్చు, అప్పుడు బీమా కూడా పోతుంది. మధ్యలో పాలసీదారు చనిపోతే నామినీకి బాకీ పోను మిగిలిందే వస్తుంది. ఎల్ఐసీ పేరిట పాలసీ రాసిచ్చినందువల్ల నామినేషన్ మాత్రం రద్దు కాదు. ఇంట్లోవాళ్లకు అప్పు సంగతి చెప్పి ఉంచడం అవసరం. క్లెయిమ్ తక్కువ వచ్చినప్పుడు తెలిస్తే వాళ్లకు అది పెద్ద దెబ్బ.

ఇంకొకటి, పాలసీ అప్పును నెలలోనే తీర్చినా ఆరు నెలల వడ్డీ పట్టుకుంటారు. పది రోజుల అవసరానికి దీన్ని వాడకండి, ఓడీ చూడండి. కనీసం ఆరు నెలలు పట్టే అవసరానికైతే సరే. అప్పుడు కూడా వడ్డీ తేదీలు క్యాలెండరులో రాసుకుని, ఆ వడ్డీ అయినా కట్టండి. ప్రీమియం మాత్రం ఆపొద్దు.

ఓడీకి కూడా ఈఎంఐ ఉండదు. నాకు అందులోనే అన్నిటికంటే పెద్ద ప్రమాదం కనిపిస్తుంది. పర్సనల్ లోను ఖరీదైనదే గానీ నెలనెలా తనే పట్టుకుంటుంది. ఓడీలో కట్టకపోయినా వెంటనే ఏమీ కాదు. డిపాజిట్ గడువు తీరిన రోజున బాకీ పోను మిగిలింది చేతికొస్తుంది, అమ్మాయి పెళ్లికి దాచింది సగమవుతుంది. అందుకే అన్నయ్యకు మొదటి రోజే చెప్పాను: 26 వేలు ప్రతి నెలా 5వ తేదీన జీతం ఖాతా నుంచి ఓడీకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించమని. పెట్టించాడు.

పన్నెండో నెలలో స్క్రీను మీద కనిపించినంతా కట్టేసి, తీరిపోయిందని సంతోషంగా ఫోను చేశాడు. కానీ డిపాజిట్ మీద లీన్ పోలేదు. ఆ నెల 1 నుంచి 5 దాకా రోజుల వడ్డీ నెలాఖరున గానీ ఖాతాలో పడదు. 31న 21 రూపాయలు పడ్డాయి. ఆ బాకీ వల్ల ఖాతా మూతపడలేదు, లీన్ కదల్లేదు. బ్రాంచికి వెళ్లి ఆ 21 కట్టి, ఓడీ ఖాతా మూసేయమని లెటర్ రాసిచ్చాడు. మర్నాడు నెట్ బ్యాంకింగ్‌లో లీన్ మొత్తం సున్నా చూపించాక స్క్రీన్‌షాట్ నాకు పంపాడు.