అరిస్తే వేగం పెరగదు

పాత ఫోన్ లైన్ మీద రెండు మోడెమ్‌లు మాట్లాడుకుంటే సెకనుకు 33.6 కిలోబిట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయేవి? జవాబు 1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రంలో ఉంది.

C = B log2(1 + S/N)

B బ్యాండ్‌విడ్త్, S సిగ్నల్ పవర్, N నాయిస్ పవర్. సెకనుకు ఎన్ని బిట్లు తప్పుల్లేకుండా పంపొచ్చో చెప్పే హద్దు C.

ఫోన్ లైన్‌లో మాట కోసం పెట్టిన ఫిల్టర్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే వదులుతుంది. అంటే B 3100. నాయిస్‌కి సిగ్నల్ వెయ్యి రెట్లు ఉందనుకుందాం. అప్పుడు C సుమారు 30,900 బిట్లు. నాయిస్ ఇంకాస్త తగ్గితే 33.6 కిలోబిట్లు అందుతాయి.

సరే, సిగ్నల్ పవర్ పది రెట్లు పెంచితే? C 41,200 దగ్గరే ఆగుతుంది. పవర్ లాగరిథమ్ లోపల ఇరుక్కుంది మరి!

పవర్ అలాగే ఉంచి B రెట్టింపు చేస్తే? వెడల్పుతో పాటు నాయిస్ కూడా రెట్టింపు లోపలికొస్తుంది, S/N 500కి పడిపోతుంది. అయినా C దాదాపు 55,600 అవుతుంది. ఎందుకంటే B లాగరిథమ్ బయట ఉంది.

ఏడీఎస్ఎల్ చేసింది ఇదే. తీగ మార్చకుండా, ఆ ఫిల్టర్‌ని తప్పించుకుని 1.1 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంది. అదే రాగి తీగ మీద మెగాబిట్లు వచ్చాయి. కాకపోతే పై ఫ్రీక్వెన్సీలు దూరం వెళ్లేకొద్దీ త్వరగా నీరసిస్తాయి. అందుకే ఎక్స్ఛేంజ్‌కి దూరమయ్యేకొద్దీ వేగం తగ్గేది.