ఆరు డ్రమ్ముల మీద ఒక ఉత్తరం

పారాసిటమాల్ నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. పిల్లల జ్వరం సిరప్‌లో దాన్ని కరిగించి నిలపడానికి చాలా కంపెనీలు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం వాడతాయి. రంగు ఉండదు, వాసన దాదాపు ఉండదు, నూనెలా చిక్కగా ఉంటుంది. సిరప్ కంపెనీ దీన్ని సొంతంగా తయారు చేసుకోదు, డ్రమ్ముల్లో కొంటుంది. అలా కొన్న సరుకు శుద్ధత పరీక్షలో తప్పితే, కంపెనీ క్వాలిటీ మేనేజరు సప్లయర్‌కు ఉత్తరం రాయాలి. ఉత్తరం బాగా రాస్తే సరుకు ఎక్కడ చెడిందో బయటపడుతుంది. తేలిగ్గా రాసేస్తే డ్రమ్ములు వెనక్కి వెళ్తాయి, డబ్బు తిరిగొస్తుంది, చెడిన చోటు మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఈ ద్రవం విషయంలో అలా మిగలనివ్వకూడదు. దీన్ని పోలిన ఇంకో ద్రవం ఉంది, డైఇథిలీన్ గ్లైకాల్. అదీ రంగులేనిదే, చిక్కనిదే, తియ్యనిదే. ఫ్యాక్టరీల్లో రకరకాల పనులకు వాడతారు, మనిషి కడుపులోకి వెళ్తే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును ఇందులో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో రోగులకు ఇచ్చిన గ్లిజరిన్‌లో ఇది కలిసి 14 మంది ప్రాణాలు పోయాయి. 2022లో గాంబియాలో కలుషిత సిరప్‌లు తాగిన పసిపిల్లల మరణాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. అందుకే అమెరికా ఫార్మకోపియా ప్రకారం మందుల్లో వాడే ప్రొపిలీన్ గ్లైకాల్ కనీసం 99.5 శాతం శుద్ధంగా ఉండాలి, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 0.10 శాతం దాటకూడదు.

ఇప్పుడొక సందర్భం ఊహించుకుందాం. హైదరాబాద్ శివార్లలో ఒక సిరప్ కంపెనీ. ఒక్కొక్కటి 215 కిలోల చొప్పున 40 డ్రమ్ములు లారీలో దిగాయి. వాటితో వచ్చిన సర్టిఫికెట్‌లో శుద్ధత 99.8 శాతం అనీ, డైఇథిలీన్ గ్లైకాల్ కనబడలేదనీ ఉంది. 40 డ్రమ్ముల నుంచి తలా కాస్త తీసి, కలిపి, ఆ మిశ్రమాన్ని ఒక్కసారి పరీక్షించడం పాత అలవాటు. ఈ కంపెనీ అలా చేయలేదు. ప్రతి డ్రమ్ము నుంచీ విడిగా నమూనా తీసి గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో పెట్టింది. నమూనాను వేడిచేసి, వాయువు సాయంతో సన్నటి పొడవాటి గొట్టంలోంచి నడిపిస్తే, అందులోని ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది, కాగితం మీద ఒక్కో శిఖరంగా కనిపిస్తుంది. శిఖరం వచ్చిన సమయాన్నిబట్టి అదేమిటో, దాని వైశాల్యాన్నిబట్టి ఎంత ఉందో తెలుస్తుంది.

ఒకటో నంబరు డ్రమ్ములో డైఇథిలీన్ గ్లైకాల్ 0.61 శాతం తేలింది. రెండో దాంట్లో 0.38, మూడో దాంట్లో 0.24, నాలుగులో 0.15, అయిదులో 0.11, ఆరులో 0.08. ఏడో డ్రమ్ము నుంచి నలభై వరకు ఆ శిఖరమే లేదు.

ఇక్కడ ఉత్తరం రాయడానికి కూర్చునే మేనేజరు తొందరపడినట్టే. ముందు అనుమానించాల్సింది సొంత ల్యాబ్‌నే. ఎనలిస్టు వచ్చి, "మేడమ్, ఒకటో డ్రమ్ము లిమిట్ దాటింది" అంటే, అనుభవం ఉన్న మేనేజరు నోట వచ్చే మొదటి మాట, "వయల్ పారెయ్యకండి. నమూనా సీసా, స్టాండర్డ్ అన్నీ అలాగే ఉంచండి" అని. స్టాండర్డ్ ద్రావణం తూకం సరిగ్గా ఉందా, యంత్రం ఆ రోజు సక్రమంగా పనిచేసిందా, గాజుసామాన్లో పాత మరక ఏమైనా ఉందా, నమూనా తీసిన గొట్టం శుభ్రంగా ఉందా, లెక్కలో పొరపాటుందా, ఇవన్నీ చూస్తారు. అదే వయల్‌ను మళ్లీ యంత్రంలో పెడతారు. ఫలానా చోట ల్యాబ్‌లో తప్పు జరిగిందని ఆధారంతో చూపగలిగితేనే మొదటి ఫలితాన్ని కొట్టెయ్యాలి. ఆధారం లేకుండా పాస్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించడం కుదరదు. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ కేసులో కోర్టు ఇచ్చిన తీర్పు ఈ పద్ధతిని తప్పుబట్టింది. ఆ తర్వాత మందుల ల్యాబ్‌లు పనిచేసే తీరే మారిపోయింది.

మన సందర్భంలో ల్యాబ్ తప్పేమీ దొరకలేదు. అంకెలు క్రమంగా దిగుతూ రావడం కూడా అది ల్యాబ్ పొరపాటు కాదనే చెబుతోంది. మురికి గాజుసీసా ఎక్కడో ఒకచోట తప్పు చూపిస్తుంది కానీ డ్రమ్ము నంబర్ల వరసలోనే తగ్గుతూ రాదు. అయినా ఆ వరసను నమ్మేముందు నమూనాల క్రమం మార్చి మరోసారి నడపడం మంచిది. యంత్రంలోనే పాత పదార్థం మిగిలి ఉంటే, మొదట పెట్టిన నమూనాలన్నీ అలాగే ఎక్కువ చూపించే అవకాశం ఉంది.

ఇప్పుడు ఉత్తరం. పరిశ్రమలో దీన్ని ఇంగ్లిషులోనే రాస్తారు. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"క్వాలిటీ విభాగాధిపతి గారికి, మీరు పంపిన ప్రొపిలీన్ గ్లైకాల్ లాటులో 40 డ్రమ్ములనూ విడివిడిగా పరీక్షించాం. 1 నుంచి 5 నంబర్ల డ్రమ్ముల్లో డైఇథిలీన్ గ్లైకాల్ 0.61 నుంచి 0.11 శాతం వరకు ఉంది. పరిమితి 0.10. ఒకటి, రెండు డ్రమ్ముల్లో శుద్ధత 99.2, 99.4 శాతమే ఉంది, 99.5కు తగ్గకూడదు. మా ల్యాబ్ విచారణలో మా వైపు తప్పేమీ కనబడలేదు. డ్రమ్ములవారీ ఫలితాలు, క్రొమటోగ్రామ్‌లు జతచేశాం. లాటు మొత్తాన్నీ వాడకుండా విడిగా ఉంచాం. కారణం తేలేవరకు వెనక్కి పంపం, పారబోయం. సీలు వేసిన నమూనాలు మీ పరీక్షకు సిద్ధంగా ఉన్నాయి."

ఇందులో నిందలేదు. 'మీరు కల్తీ చేశారు' అని లేదు, 'మీ నిర్లక్ష్యం' అని లేదు. తెలిసింది మాత్రమే ఉంది. నిందిస్తే అవతలివాళ్లు తమను కాపాడుకునే పనిలో పడతారు, మనకు కావలసిన రికార్డులు బయటికి రావు. పైగా ఇక్కడ అంకెలు కల్తీ వైపు చూపించడం లేదు. చవక ద్రవం కలిపి లాభం తీసుకోవాలనుకున్నవాడు అర శాతం కలపడు. అందులో మిగిలేదేమీ ఉండదు. ఉద్దేశపూర్వక కల్తీ అయితే పదుల శాతాల్లో ఉంటుంది, ఆరు డ్రమ్ములతో ఆగదు.

మరి ఇదెక్కడిది? దొరికిన మలినం పేరే సగం సంగతి చెబుతోంది. ప్రొపిలీన్ గ్లైకాల్‌ను ప్రొపిలీన్ ఆక్సైడ్‌ను నీటితో చర్య జరిపించి తయారు చేస్తారు. తయారీలో శుద్ధి సరిగ్గా జరక్కపోతే మిగిలేది డైప్రొపిలీన్ గ్లైకాల్. డైఇథిలీన్ గ్లైకాల్ వేరే కుటుంబం, అది ఇథిలీన్ ఆక్సైడ్ నుంచి వస్తుంది. కాబట్టి ఇది తయారీలో పుట్టిన మలినం కాదు, తయారీ తర్వాత బయటినుంచి చేరింది. ట్యాంకరు, గోడౌనులోని ట్యాంకు, డ్రమ్ములు నింపే గొట్టం, వీటిలో ఒకచోట చేరి ఉండాలి. ట్యాంకులోనే కలిసిపోయి ఉంటే 40 డ్రమ్ముల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉండేది. వాడిన పాత డ్రమ్ముల్లోనే మిగిలి ఉంటే అక్కడొకటి ఇక్కడొకటి తప్పేవి. మొదటి డ్రమ్ములో ఎక్కువై, వరసగా తగ్గుతూ, ఏడో దానికి మాయమైందంటే, నింపే గొట్టంలో ముందు రోజు ద్రవం మిగిలి ఉండి, కొత్త సరుకు దాన్ని కొంచెం కొంచెంగా తోసేసిందన్నమాట.

లెక్క కూడా సరిపోతుంది. ఆరు డ్రమ్ముల్లోని శాతాలన్నీ కూడితే 1.57. డ్రమ్ముకు 215 కిలోలు కాబట్టి మొత్తం చేరిన డైఇథిలీన్ గ్లైకాల్ సుమారు 3.4 కిలోలు, అంటే మూడు లీటర్లు. రెండంగుళాల గొట్టం ఒకటిన్నర మీటర్ల పొడవు నిండితే పట్టేదంతే. ఒంగిన చోట, పంపు దగ్గర ఆ మాత్రం నిలిచిపోవడం విడ్డూరమేమీ కాదు.

అందుకే ఉత్తరం రెండో సగంలో 'దయచేసి విచారించండి' అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకూడదు. ఏం చూడాలో పేర్లు పెట్టి అడగాలి. ఈ లాటు అసలు తయారీదారు ఎవరు, వాళ్లిచ్చిన మొదటి సర్టిఫికెట్ ఏది, ఆ ట్యాంకరులో అంతకుముందు ఏ సరుకు వచ్చింది, కడిగినట్టు రుజువేది, డ్రమ్ములు ఏ లైన్ మీద నింపారు, అదే లైన్ మీద అంతకుముందు ఏం నింపారు, డ్రమ్ము నంబర్లు నింపిన వరసేనా. మీరు దాచుకున్న నమూనా ఎక్కడినుంచి తీసింది, ట్యాంకులోంచా, డ్రమ్ములోంచా. ఈ చివరి ప్రశ్న వదలకూడదు. సప్లయర్ నుంచి సాధారణంగా వచ్చే మొదటి జవాబు, 'మా దగ్గరున్న నమూనా మళ్లీ పరీక్షించాం, 99.8 శాతం వచ్చింది, మా సరుకు బాగానే ఉంది' అని. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ట్యాంకులోంచి తీసిన నమూనా నిజంగానే శుభ్రంగా ఉంటుంది, గొట్టం దాని తర్వాత వస్తుంది మరి. రెండు సర్టిఫికెట్లూ నిజమే అయినప్పుడు వాటి మధ్య ఏం జరిగిందో అడగాలి.

గడువులు కూడా రాయాలి: ఉత్తరం అందినట్టు రెండు రోజుల్లో జవాబు, వారంలో ప్రాథమిక నివేదిక, నెల రోజుల్లో పూర్తి నివేదిక. 'ఆపరేటర్ పొరపాటు, మళ్లీ శిక్షణ ఇచ్చాం' అన్న నివేదికను నేనైతే ఒప్పుకోను. ఒకే గొట్టంతో మందుల సరుకూ ఫ్యాక్టరీ సరుకూ నింపే ఏర్పాటు ఉన్నంతకాలం ఎంత శిక్షణ ఇచ్చినా అది మళ్లీ జరుగుతుంది. మందుల సరుకుకు వేరే గొట్టం, వేరే పంపు, నింపిన తర్వాత మొదటి డ్రమ్ము నుంచి పరీక్ష, ఇవి రావాలి.

ఒక ప్రలోభం ఉంటుంది. ఏడు నుంచి నలభై వరకు డ్రమ్ములు శుభ్రంగానే ఉన్నాయి కదా, అవి వాడుకుంటే పోదా అని. ప్రొడక్షన్ వాళ్లు తప్పక అడుగుతారు, ఆరో డ్రమ్ము కూడా పరిమితిలోనే ఉందని గుర్తుచేస్తారు. మూడో డ్రమ్మును చూస్తే జవాబు దొరుకుతుంది. అందులో శుద్ధత దాదాపు 99.6 శాతం, ఆ ఒక్క అంకె చూస్తే పాస్. విషం మాత్రం పరిమితికి రెండింతలకు పైగా ఉంది. పాత పద్ధతిలో 40 నమూనాలూ కలిపి పరీక్షించి ఉంటే డైఇథిలీన్ గ్లైకాల్ 0.04 శాతం దగ్గర తేలి, లాటు మొత్తం పాసయ్యేది. ఒకటో డ్రమ్ము నేరుగా సిరప్ ట్యాంకులోకి వెళ్లిపోయేది. కారణం తేలనంతవరకు ఈ లాటులో ఏ డ్రమ్మునూ వాడకూడదు.

ఉత్తరంలో ఇంకో రెండు వాక్యాలుండాలి. ఇదే లైన్ మీద నింపిన సరుకు ఇంకెవరెవరికి వెళ్లింది, వాళ్లకు చెప్పారా. గడిచిన నెలల్లో మాకు పంపిన లాటుల్లో ఏవి ఈ లైన్ మీద నింపినవి. రెండో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా మేనేజరు ఆగరు. ఉత్తరం పంపిన రోజే స్టోర్స్ రికార్డు తెరిచి, అదే సప్లయర్ నుంచి వచ్చి ఇప్పటికే సిరప్‌గా మారిన లాటులు వెతుకుతారు. ఆ బ్యాచ్‌ల నుంచి దాచిన సీసాలు ఒక్కొక్కటీ తెప్పించి అదే యంత్రంలో పెట్టిస్తారు. వాటిలో ఒక్క సీసా లిమిట్ దాటినా ఆ బ్యాచ్ సిరప్‌ను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించాలి, డ్రగ్ కంట్రోల్ అధికారులకు చెప్పాలి. ఆ పనికి సప్లయర్ జవాబు కోసం ఆగాల్సిన అవసరం లేదు.