అరిసెలు అందాయి, మరి ఆవకాయ మాట?

సంక్రాంతికి ముందు రెండు వారాలు, ఇంటి దగ్గర పిండివంటలు చేసి అమ్మేవాళ్లకు ఊపిరి సలపదు. బియ్యం నానబెట్టాలి, తడిపిండి పట్టించాలి, పాకం చూసుకోవాలి, మూకుడు ముందు నిలబడాలి. కనుమ వెళ్లాక కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు చాలామంది ఫోన్ తీసి, ‘మీ ఆర్డర్‌కు ధన్యవాదాలు, 5 స్టార్ రేటింగ్ ఇవ్వగలరు’ అని అందరికీ ఒకే మెసేజ్ పంపేస్తారు. చదివినవాళ్లు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు. అరిసె ఎలా ఉందో, వేసవిలో ఆవకాయ ఎవరు కొంటారో అమ్మినవాళ్లకు తెలియకుండానే పోతుంది.

ఆ రెండూ తెలియాలంటే మెసేజ్ ఎప్పుడు పంపుతున్నాం, అందులో ఏం అడుగుతున్నాం అన్నది ముఖ్యం. రాజమహేంద్రవరంలో ఇంటి నుంచే అరిసెలు, జంతికలు, సున్నుండలు చేసి పంపే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఊళ్లో ఆర్డర్లు మనిషితో ఇంటికి పంపిస్తారు, హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లు కొరియర్‌లో వేస్తారు.

ముందు, ఎప్పుడు పంపాలి? పార్సిల్ అందిన రోజున అడిగితే అందరూ బాగుందనే అంటారు, ఎందుకంటే ఆ రోజు అన్నీ బాగానే ఉంటాయి. పిండివంటలో లోపం నాలుగైదు రోజులు ఆగితేగానీ బయటపడదు. పాకం ముదిరితే అరిసె రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. వేడి చల్లారకుండా డబ్బాలో సర్దితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ వాడితే జంతిక కనరు వాసన వేస్తుంది. అందుకని ఊళ్లోవాళ్లకు కనుమ వెళ్లిన మూడు నాలుగు రోజులకు పంపడం మేలు. అప్పటికి చుట్టాలు వెళ్లిపోయి ఉంటారు, డబ్బా అడుగున ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. కొరియర్‌లో వెళ్లిన వాటికి పండగ తేదీతో పనిలేదు. పార్సిల్ చేరిన రోజు నుంచి లెక్కపెట్టుకోవాలి.

ఇక మెసేజ్ ఇలా ఉండవచ్చు:

‘(పేరు) గారూ, నమస్తే. పండక్కి మా దగ్గర పిండివంటలు తెప్పించుకున్నారు, చాలా సంతోషం. మీకు పంపిన రెండు కిలోల నేతి అరిసెలు ఇప్పుడెలా ఉన్నాయండీ? మెత్తగానే ఉన్నాయా, గట్టిపడ్డాయా? బాగున్నా, బాగోకపోయినా ఉన్నదున్నట్టు ఈ లింకులో రెండు ముక్కలు రాయండి. ఏదైనా పాడైతే ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, నేను చూసుకుంటాను. అన్నట్టు, ఈ వేసవికి ఆవకాయ, మాగాయ పెడదామనుకుంటున్నాం. వెల్లుల్లి వేసింది కావాలో, వేయనిది కావాలో చెబితే రాసిపెట్టుకుంటాను. ఇలాంటి మెసేజ్‌లు అక్కర్లేదంటే వద్దు అని పెట్టండి చాలు.’

ఇందులో ‘రెండు కిలోల నేతి అరిసెలు’ అన్న మాట చూడండి. ఆర్డర్ పుస్తకం తీసి, వాళ్లు కొన్న వస్తువు పేరు రాశారు కాబట్టే అది గంపగుత్తగా పంపినట్టు ఉండదు. పైగా ‘ఎలా ఉన్నాయి’ అని వదిలేయకుండా మెత్తనా, గట్టా అని అడిగారు. అలా అడిగితే జవాబు కూడా అలాగే వస్తుంది. ‘బాగున్నాయి’ అన్న మాట కంటే ‘వారమైనా మెత్తగా ఉన్నాయి, తీపి కొంచెం ఎక్కువైంది’ అన్న మాట కొత్తగా కొనేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. వండినవాళ్లకూ అంతే.

లింకు అంటే గూగుల్‌లో మన వ్యాపారం పేరుకు రివ్యూ రాసే చిరునామా. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో రివ్యూలు అడిగే చోట అది దొరుకుతుంది. దీనికి కొన్ని నియమాలున్నాయి. ‘రివ్యూ రాస్తే పావుకిలో జంతికలు ఉచితం’ అనకూడదు. రివ్యూకు బదులుగా ఏదైనా ఇవ్వజూపడం గూగుల్ ఒప్పుకోదు. మెచ్చుకున్నవాళ్లకు మాత్రమే లింకు పంపి, మిగతావాళ్లను వదిలేయడమూ కుదరదు. కాబట్టి ఫిర్యాదు చేసినవాళ్లకు ముందు డబ్బులో, సరుకో తిరిగి ఇచ్చి, ఆ తర్వాత అదే మెసేజ్ వాళ్లకూ పంపాలి. మనిషికి మనిషి ఎదురుపడకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లోనే అమ్మేవాళ్లకు అసలు ఆ ప్రొఫైల్ పెట్టుకునే అర్హతే ఉండదు. అలాంటప్పుడు వాట్సాప్‌లోనే జవాబు రాయమని అడగాలి. ఆ మాటలను స్టేటస్‌లో పెట్టదలిస్తే, పెట్టుకోవచ్చా అని రాసినవాళ్లను ముందే అడగాలి.

అందరికీ ఒక్కసారే పంపాలని బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లున్నారు. మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. పండక్కి మొదటిసారి కొన్నవాళ్లలో చాలామంది చేసుకుని ఉండరు, మనకు మాట కావలసింది ముఖ్యంగా వాళ్ల దగ్గరే. అందర్నీ కలిపి గ్రూపు పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా మెసేజ్‌ను దాచుకుని, పేరూ వస్తువూ మార్చి, రోజుకు కొందరికి చొప్పున విడివిడిగా పంపడమే దారి.

మిగిలింది ఆవకాయ మాట. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. ధర, తేదీ రాసేసి అప్పుడే బుకింగ్ మొదలుపెడతారు. జనవరిలో మామిడి ఇంకా పూత మీద ఉంటుంది. మంచుకు, తేనెమంచు పురుగుకు ఎంత పూత రాలుతుందో, ఎంత నిలుస్తుందో అప్పుడే చెప్పలేం. గుంటూరు యార్డుకు కొత్త మిరప అప్పుడప్పుడే మొదలవుతుంది, ధర నిలకడగా ఉండదు. ఈ దశలో కిలో ఇంత అని మాటిచ్చి, ఏప్రిల్‌లో కాయ దొరక్క ధర పెంచితే, అరిసెలతో సంపాదించిన నమ్మకం ఆవకాయతో పోతుంది. అందుకే పై మెసేజ్‌లో ‘పెడదామనుకుంటున్నాం’ అన్న మాట దగ్గరే ఆగారు.

వెల్లుల్లి ప్రశ్న ఊరికే వేసింది కాదు. వేయనిది ఎంతమంది అడిగారో తెలిస్తే దానికి విడిగా జాడీలు, గరిటెలు కేటాయించుకోవచ్చు. మార్చిలో కారం, ఆవాలు ఏ మేరకు కొనాలో ఒక అంచనా కూడా వస్తుంది. అయితే కావాలన్న ప్రతివాళ్లూ కొంటారనుకోకూడదు. ఆ లెక్కను నమ్మి సరుకంతా ఒకేసారి కొనకుండా, కాయ మార్కెట్‌లోకి వచ్చి ధర తేలాక, పేరు రాయించుకున్నవాళ్లకు ముందుగా చెప్పి అడ్వాన్స్ తీసుకోవాలి.

వచ్చిన జవాబులను ఆర్డర్ పుస్తకంలో ఆ పేరు పక్కనే రాసిపెట్టండి. అరిసెలు గట్టిపడ్డాయని నలుగురు ఒకే మాట చెబితే లోపం పాకంలో ఉన్నట్టే. కొరియర్‌లో వెళ్లిన వాటికే బూజు పట్టిందంటే ప్యాకింగ్ మార్చుకోవాలి. జవాబు రాసినవాళ్లకు ఆ రోజే తిరిగి రెండు మాటలు రాయండి. అంత తీరిక లేనప్పుడు మెసేజ్ రెండు రోజులు ఆలస్యంగా పంపినా నష్టం లేదు. అడిగి, చెప్పింది వినకపోతేనే నష్టం.