తొలి ముద్ద: డబ్బాలోదా, ఇంటి గిన్నెలోదా?

బిడ్డకు ఆరు నెలలు నిండగానే ఇంట్లో రెండు ప్రశ్నలు వస్తాయి. తల్లిపాలతో పాటు ఏం పెట్టాలి? దుకాణంలో దొరికే బేబీ ఫుడ్ కొనడం అవసరమా? దాతలు కూడా మమ్మల్ని ఇదే అడుగుతుంటారు. పేదింటి పసిబిడ్డలకు బేబీ ఫుడ్ ప్యాకెట్లు కొనిస్తే మేలు జరుగుతుందా అని. సూటిగా చెప్పాలంటే ప్యాకెట్‌లో నిజంగా విలువైనది ఒకటే ఉంది, అది ఐరన్. మిగతాదంతా ఇంటి వంటగదిలో ఉన్నదే. ఆ ఐరన్ ఇంకోచోట చవకగా దొరుకుతుందా అన్నదాన్ని బట్టి మన నిర్ణయం ఉండాలి.

బిడ్డ తల్లి కడుపులో నుంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ దాదాపు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ. అందుకే ఆరు నెలల తర్వాత పాలు ఒక్కటే సరిపోవు. పాలు మానాల్సిన పనిలేదు, రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు. ఈ వయసులో తల్లిపాలు తాగే బిడ్డకు పైఆహారం ద్వారా రోజుకు సుమారు 200 కేలరీలు అందాలి. తొమ్మిదో నెల నుంచి అది సుమారు 300 అవుతుంది.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా జావ దగ్గర. బిడ్డ మింగలేదేమోనన్న భయంతో చెంచాడు పిండిని గ్లాసెడు నీళ్ళలో పలచగా కాచి తాగిస్తారు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్ళతోనే నిండిపోతుంది. చెంచాడు పిండిలో 40 కేలరీలు కూడా ఉండవు. బిడ్డ కడుపునిండా తాగినట్టే కనిపిస్తుంది గాని బరువు పెరగదు. చిక్కదనం చూడటానికి సులువైన గుర్తు ఉంది. చెంచా వంచినప్పుడు ముద్ద వెంటనే జారిపోకూడదు. రాగి జావే పెట్టాలనుకుంటే రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసుకోవాలి. మొలకెత్తిన పిండితో కాచిన జావ అంత గట్టిపడదు, కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి వేయవచ్చు.

ఇక ఒక రోజు లెక్క చూద్దాం. రెండు పెద్ద చెంచాల బియ్యం, ఒక పెద్ద చెంచా పెసరపప్పు మెత్తగా ఉడికించి, మెదిపి, ఒక చిన్న చెంచా నెయ్యి కలిపితే సుమారు 170 కేలరీల ఖిచిడీ అవుతుంది. ఏడు నెలల బిడ్డకు ఇది రెండు పూటల ఆహారం. ఫ్రిజ్ లేని ఇంట్లో సగం సగంగా రెండుసార్లు వండాలి, వండిన రెండు గంటల లోపు పెట్టేయాలి. బియ్యం కిలో 60, పప్పు 130, నెయ్యి 700 రూపాయలు అనుకుంటే మొత్తం ఖర్చు ఏడు రూపాయల లోపే. అన్ని కేలరీలకు ప్యాకెట్ పొడి 40 గ్రాములు కావాలి. 300 గ్రాముల ప్యాకెట్ 300 రూపాయలు అనుకుంటే అది 40 రూపాయలు. ప్యాకెట్ ఎనిమిది రోజులు కూడా రాదు. అందుకే కొన్ని ఇళ్ళలో దాన్ని పలచగా కలిపి నెలంతా సాగదీస్తారు. అప్పుడు జావకు చెప్పిన నష్టమే దీనికీ వర్తిస్తుంది.

అయితే ప్యాకెట్ గెలిచే చోటు కూడా ఉంది. లేబుల్ మీద 100 గ్రాములకు 10 మిల్లీగ్రాముల ఐరన్ అని రాసి ఉంటే, ఆ 40 గ్రాములలో 4 మిల్లీగ్రాములు ఉన్నట్టు. మన ఖిచిడీలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఈ లోటును ఇంట్లోనే చాలావరకు పూడ్చవచ్చు. బాగా ఉడికించి మెత్తగా నూరిన ఖీమా, వారానికి ఒకటి రెండుసార్లు ఒక చెంచా కోడి కలేజీ ఖిచిడీలో కలపాలి. మాంసంలోని ఐరన్ పప్పులోని ఐరన్ కంటే బాగా ఒంటబడుతుంది. మాంసం లేని రోజు పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పప్పులోని ఐరన్ కూడా మెరుగ్గా ఒంటబడుతుంది. పూర్తిగా ఉడికిన గుడ్డు కూడా ఆరు నెలలు నిండాక పెట్టవచ్చు. ఏ కొత్త పదార్థమైనా ఒక్కొక్కటిగా మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూస్తే, దద్దుర్లు, వాంతులు వచ్చినప్పుడు కారణం తెలుస్తుంది.

దీనికి తోడు ప్రభుత్వ అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ ఉచితంగా ఇస్తారు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఒక మిల్లీలీటరు. ఒక్క మోతాదులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఆశా కార్యకర్తను అడగాలి. తలసీమియా ఉన్న బిడ్డకు, జ్వరంతో ఉన్న బిడ్డకు మాత్రం డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు.

తల్లి పనికి వెళ్ళాల్సి వచ్చినా, ప్రయాణంలో ఉన్నా, ఇంట్లో మాంసం, గుడ్డు పెట్టే వీలు లేకపోయినా రోజుకు ఒక పూట ప్యాకెట్ వాడటం తప్పు కాదు. కొనేముందు లేబుల్ వెనక వైపు చదవాలి. పదార్థాలను ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి వరుసగా రాస్తారు. చక్కెర మొదటి మూడు నాలుగు పేర్లలో ఉంటే ఆ ప్యాకెట్ వద్దు. సుక్రోజ్, గ్లూకోజ్ సిరప్, తేనె అని రాసినా అది చక్కెర కిందే లెక్క. 2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ ఇబ్ఫాన్‌తో కలిసి ఇచ్చిన నివేదికలో, మన దేశంలో అమ్మిన సెరిలాక్ రకాలలో ఒక్కో పూటకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలిసి ఉందని తేలింది. తర్వాత ఆ సంస్థ చక్కెర కలపని రకాలను తీసుకొచ్చింది. కాబట్టి పేరును బట్టి కాక చేతిలో ఉన్న ప్యాకెట్‌ను బట్టి నిర్ణయించాలి. ఏడాది లోపు బిడ్డ ముద్దలో చక్కెర గాని ఉప్పు గాని కలపనవసరం లేదు.

తేనె విషయం విడిగా చెప్పాలి. తహ్నీక్‌కు ఖర్జూరం దొరకనప్పుడు కొన్ని ఇళ్ళలో తేనె నాకిస్తారు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఏడాది లోపు పసిబిడ్డల పేగుల్లో విషాన్ని తయారుచేసి కండరాలను చచ్చుబరుస్తుంది. ఏడాది నిండేవరకు ఒక్క చుక్క కూడా వద్దు.

ఇవ్వదలచిన దాతలకు మా మాట ఇది. ఒక 300 రూపాయల ప్యాకెట్ ఒక బిడ్డకు వారం దాటి రాదు. అదే డబ్బుతో బియ్యం, పెసరపప్పు, కొద్దిగా నెయ్యి కొనిస్తే నెల రోజుల ఖిచిడీ వస్తుంది, ఇంకా మిగిలే డబ్బుతో పదికి పైగా గుడ్లు వస్తాయి. అంగన్‌వాడీలో పేరు నమోదు కాని బిడ్డ ఉంటే నమోదు చేయించడం అంతకంటే పెద్ద సాయం. ఇక పాలపొడి డబ్బాలు, పాలసీసాలు మాత్రం ఇళ్ళకు పంచవద్దు. అనాథాశ్రమాలకు తప్ప వాటిని దానంగా ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. పంచిన డబ్బా అయిపోయేసరికి తల్లి పాలు తగ్గిపోయి ఉంటాయి, రెండో డబ్బా కొనే స్తోమత ఆ ఇంటికి ఉండదు.