జవాబు అడగని ఓదార్పు

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. అంత రాకపోయినా, ఏటా వానాకాలంలో కూనవరం, చింతూరు, దుమ్ముగూడెం, చర్ల వైపు దారులు ఏదో ఒక చోట మునుగుతూనే ఉంటాయి. అలాంటి రోజుల్లో మనతో పనిచేసే ఒకరి తండ్రో తల్లో అవతలి ఊరిలో కన్నుమూస్తే భూస్థాపనకు మనం వెళ్లలేం. పక్కన కూర్చోలేం, చేయి పట్టుకోలేం. మన తరఫున వెళ్లగలిగేది ఫోనులో రాసిన నాలుగు మాటలే. ఆ నాలుగు మాటలు ఎలా రాయాలో చూద్దాం.

తండ్రిని పోగొట్టుకున్నవారికి పంపిన సంతాప సందేశం మన బైబిలులోనే ఒకటి ఉంది. రెండవ సమూయేలు పదవ అధ్యాయం దాని గురించే చెబుతుంది. అమ్మోనీయుల రాజు నాహాషు చనిపోగా, అతని కుమారుడు హానూను రాజయ్యాడు. నాహాషు ఒకప్పుడు తనకు మేలు చేశాడని దావీదు గుర్తు చేసుకొని, కుమారుని ఓదార్చడానికి తన సేవకులను పంపాడు. కాని హానూను అధిపతులు ఆ ఓదార్పును నమ్మలేదు. పట్టణాన్ని వేగు చూడడానికే వీరిని పంపాడని రాజుకు ఎక్కించారు. హానూను ఆ సేవకుల గడ్డాలు సగం గొరిగించి, వస్త్రాలు నడిమికి కత్తిరించి పంపేశాడు. అది చివరికి యుద్ధానికి దారితీసింది.

ఈ సంఘటనలో మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. దావీదు ఉద్దేశం మంచిది, దానికి ఆధారం చనిపోయిన తండ్రి చేసిన ఒక మేలు. మంచి సంతాప సందేశానికి పునాది అదే. రెండవది, దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చిన మాట వెనుక ఇంకేదో పని ఉందన్న అనుమానం కలిగితే మాట ఎంత మంచిదైనా చెడిపోతుంది. ఇక్కడ హానూను అధిపతుల అనుమానం తప్పే. కాని మన ఆఫీసు సందేశాల్లో అలాంటి అనుమానానికి చోటిచ్చేది చాలాసార్లు మనమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దుమ్ముగూడెం మండలంలోని ఒక పాఠశాలలో ఒక ఉపాధ్యాయిని పనిచేస్తున్నారు. ఆమె తండ్రి చింతూరు వైపు ఒక ఊరిలో చనిపోయారు. జూలై నెల, దారి మునిగింది. ఆమె ఎలాగో ఇల్లు చేరారు. తోటి ఉపాధ్యాయుడు ఖమ్మంలో ఉన్నారు. ఆయన ఇలా రాశారు:

‘అక్కా, మీ ఫాదర్ చనిపోయారని తెలిసి చాలా బాధపడ్డాను. ఎలా జరిగింది? ఆరోగ్యం బాగానే ఉండేది కదా? ధైర్యంగా ఉండండి. అంతా దేవుని చిత్తం. ఏ సహాయం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి. మళ్లీ ఎప్పుడు వస్తున్నారు? వీలైనప్పుడు ఒక్కసారి కాల్ చేయండి.’

ఇందులో చెడు ఉద్దేశం ఒక్కటీ లేదు. అయినా ఆమె స్థానంలో కూర్చొని చదవండి. ‘ఎలా జరిగింది’ అన్నదానికి ఆసుపత్రి కథంతా మళ్లీ చెప్పాలి. ‘ఎప్పుడు వస్తున్నారు’ అనగానే ఇది ఓదార్పా, సెలవు లెక్కా అన్న సందేహం వస్తుంది. హానూను అధిపతులకు కలిగిన అనుమానం ఇలాంటిదే. ‘అడగండి’ అంటే ఏమి కావాలో ఆలోచించుకొని, నోరు తెరచి అడిగే భారం ఆమెదే. ‘కాల్ చేయండి’ అనేది తీర్చవలసిన బాకీ. ఓదార్చాలని పంపిన ఒక్క సందేశం ఆమె చేతిలో నాలుగు పనులు పెట్టింది.

‘అంతా దేవుని చిత్తం’ అన్న మాటను కూడా ఆలోచించాలి. అది విశ్వాసి తనకు తాను చెప్పుకొనగల మాట. ఇంకొకరు మొదటి రోజే చెబితే ఏడవడానికి వీలు లేదన్నట్టు వినబడుతుంది. యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాటా పలకలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. ఆ తర్వాత కారణాలు వివరించడం మొదలుపెట్టాకే యోబుకు బాధాకరమైన ఆదరణకర్తలయ్యారు. లాజరును లేపబోతున్నానని తెలిసిన ప్రభువు కూడా సమాధి దగ్గరికి వెళ్తూ మొదట కన్నీళ్లు విడిచాడు. సందేశంలో వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు అదే సందేశాన్ని సరిచేద్దాం. అందులో నాలుగు వాక్యాలు చాలు.

మొదటి వాక్యంలో జరిగినదాన్ని సూటిగా, మర్యాదగా చెప్పాలి. ‘మీ ఫాదర్’ కంటే ‘మీ నాన్నగారు’ అన్న మాట దగ్గరగా ఉంటుంది. ‘చనిపోయారు’ అనాలా, ‘ప్రభువునందు నిద్రించారు’ అనాలా అన్నది ఆ ఇంటివారి మాటను బట్టి ఉండాలి. విశ్వాసుల ఇల్లయితే రెండవది సహజం. వేరే మతం వారైతే, లేక తమ పెద్దల ఆచారం పాటించే కోయ కుటుంబమైతే, ‘ఇక లేరని తెలిసింది’ అంటే సరిపోతుంది. దినాలు, పెద్దకర్మ జరిగే ఇంటికి మన వాక్యభాగాన్ని పంపితే అది ఓదార్పుగా కాక బోధగా అందుతుంది.

రెండవ వాక్యం చనిపోయినవారి గురించి. దావీదు నాహాషు మేలును గుర్తు చేసుకున్నట్టు, ఒక్క నిజమైన జ్ఞాపకం. ఆ తండ్రి ఒకసారి పాఠశాలకు వచ్చినప్పుడు అందరికీ ఇప్పపూలు తెచ్చారనుకోండి, అదే రాయండి. ఎప్పుడూ చూడలేదా? గొప్ప మనిషి, దైవభక్తుడు అని కల్పించకండి. ‘ఆయనను నేను చూడలేదు, కాని మీరు ఆయన గురించి చెప్పేటప్పుడు మీ ముఖంలో సంతోషం చూశాను’ అంటే అది నిజం, అందుకే మనసుకు తాకుతుంది.

మూడవ వాక్యం సహాయం గురించి. ఇక్కడ ‘చేస్తాను, చెప్పండి’ కాదు, ‘చేశాను’ అనాలి. ఆమె తరగతులను ఈ వారం తోటివారు పంచుకున్నారా, సెలవు సంగతి ప్రధానోపాధ్యాయులకు చెప్పారా, అది తెలియజేయండి. అప్పుడు పని విషయం వచ్చినా భారం పెరగదు, ఉన్నదే ఒకటి తగ్గుతుంది. చేయగలిగింది ఏమీ లేకపోతే ఈ వాక్యం వదిలేయండి. ఉత్త మాట కంటే మూడు వాక్యాల సందేశమే మేలు.

నాలుగవ వాక్యం జవాబు బాధ్యత నుండి విడుదల. ఇది తెలుగులో జాగ్రత్తగా రాయాలి. ‘జవాబు రాయొద్దు’ అంటే ఆజ్ఞలా ఉంటుంది. ‘వీలైనప్పుడు జవాబివ్వండి’ అంటే గడువు పెంచిన బాకీ, అంతే. ‘దీనికి జవాబు రాయాలని అనుకోకండి’ అంటే ఆమె నిజంగా ఫోను పక్కన పెట్టేయగలదు. అది చివరి వాక్యంగానే ఉండాలి. దాని తర్వాత ఇంకో ప్రశ్న వస్తే ఇచ్చిన విడుదలను మనమే వెనక్కి తీసుకున్నట్టు.

మొత్తం కలిపితే ఇలా ఉంటుంది:

‘అక్కా, మీ నాన్నగారు ఇక లేరని తెలిసి చాలా బాధగా ఉంది. ఆయన మన బడికి వచ్చిన రోజు అందరికీ ఇప్పపూలు తెచ్చి పంచడం నాకింకా గుర్తుంది. మీ తరగతులు ఈ వారం మేం చూసుకుంటున్నాం, పెద్దసారుకు కూడా చెప్పాను. దీనికి జవాబు రాయాలని అనుకోకండి, మీ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాను.’

పంపేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సందేశంలో ప్రశ్న గుర్తు ఉందా? ఉంటే ఆ వాక్యం తీసేయండి. ‘చెప్పండి, చేయండి, అడగండి’ వంటి మాటలున్నాయా? అవి కూడా పని అప్పగించే మాటలే. ఇక ‘నేను’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. మన బాధ గురించే ఎక్కువగా ఉంటే, ఆమే మనల్ని ఓదార్చవలసి వస్తుంది.

పంపే విధానంలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఉద్యోగుల గ్రూపులో ఒకరు మొదలుపెడితే నలభైమంది అదే దండం బొమ్మ పెడతారు. ఆమె ప్రతి ఒక్కరికీ కృతజ్ఞత చెప్పాలేమో అనుకుంటుంది. గ్రూపులో ఒక్కరు అందరి తరఫున రాస్తే చాలు. మీకు దగ్గరివారైతే విడిగా పంపండి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ వద్దు. జనం నిండిన ఇంట్లో దాన్ని వినడానికి చోటు దొరకదు. చదవడం అయితే ఎప్పుడైనా చదువుకోవచ్చు. పై అధికారి పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. కింద ఉద్యోగికి అధికారి సందేశం చూడగానే జవాబివ్వాలన్న భయం పుడుతుంది. అందుచేత అధికారి సెలవు కాగితాల మాటను అందులో కలపకుండా, మరో రోజు, మరో సందేశంలో చెప్పడం మంచిది.

పంపాక ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ ఊరి చివర గట్టు మీదో, ఒక చెట్టు కిందో దొరుకుతుంది. సందేశం రెండు రోజులకు చేరవచ్చు. చేరినా, చదివిన గుర్తు పడి జవాబు రాకపోవచ్చు. ‘నా మెసేజ్ చూశారా’ అని అడిగితే నాలుగవ వాక్యం అబద్ధమైపోతుంది. ఆమె తిరిగి బడికి వచ్చిన రోజు కూడా దాని ప్రస్తావన తేవద్దు.

అలాగని ఒక్క సందేశంతో వదిలేయనవసరం లేదు. భూస్థాపన, ఆదరణ కూడిక జరిగేవరకు ఇల్లు బంధువులతో నిండి ఉంటుంది. నెల తిరిగేసరికి అందరూ వెళ్లిపోతారు. అప్పుడు, లేదా నవంబరు 2న సమాధుల పండుగ వచ్చినప్పుడు, లేదా నాన్న లేని మొదటి క్రిస్మసుకు, ఇంకో రెండు వాక్యాలు పంపండి: ‘అక్కా, ఈ రోజు మీ నాన్నగారు గుర్తొచ్చారు. ఊరికే చెబుదామని రాశాను, జవాబు అక్కర్లేదు.’ మొదటి సందేశం వందమందితో పాటు వచ్చి ఉంటుంది. ఇది మాత్రం ఒక్కటే వస్తుంది.